స్టూలు ఖాళీ లేదు

బరంపురంలో చీరల షాపులు నడిపే బాబుల మీద నాకు ఈమధ్య గౌరవం బాగా పెరిగిపోయింది. కడుపుతో ఉన్న ఆడపిల్లని పనిలోంచి తీసేయడం ఎవరైనా చేస్తారు, అందులో గొప్పేముంది? ఆమె చేతే "నేనే మానేస్తున్నాను" అని రాయించడానికి మాత్రం బుర్ర ఉండాలి.

మా పిన్ని కూతురు ఒక షాపులో నాలుగేళ్ళుగా బిల్లింగ్ కౌంటర్లో కూర్చుంటోంది. నెలకి 12 వేలు. అయిదో నెల రాగానే, దాచడం ఎందుకని తనే వెళ్ళి బాబుతో చెప్పింది. ఆయన స్వీట్ తెప్పించి అందరికీ పంచిపెట్టి, సోమవారం నుంచి ఆమెని రెండో అంతస్తు పట్టుచీరల సెక్షన్‌కి మార్చేశాడు. లిఫ్ట్ లేదు. పొద్దున్న పది నుంచి రాత్రి ఎనిమిది దాకా నిలబడి చీరలు విప్పడం, మడతపెట్టడం, అటక మీది కట్టలు దించడం. "ఎప్పుడూ కూర్చుంటే కాళ్ళు వాస్తాయమ్మా, నీ మంచికే" అన్నాడట. అక్కడ నాలుగు స్టూళ్ళున్నాయి గానీ అవి కస్టమర్ల భర్తలు కూర్చుని ఫోన్ చూసుకోవడానికి, వాళ్ళు రాని రోజు కూడా అవి ఖాళీ ఉన్నట్టు కాదు.

మూడో వారం మేనేజర్ ఒక కాగితం తెచ్చాడు. "సంతకం పెట్టెయ్, పురుడయ్యాక మళ్ళీ పిలుస్తాం." కాగితం ఒడియాలో ఉంది. మా చెల్లి ఒడియా గడగడా మాట్లాడుతుంది గానీ చదివింది తెలుగు మీడియం, అక్షరాలు రావు. "ఇంట్లో అడిగి చెప్తాను" అని తెచ్చి కింద ఫాల్స్ కుట్టే టైలర్ మామయ్యకి చూపిస్తే ఆయన చదివాడు: "స్వంత కారణాల వల్ల స్వచ్ఛందంగా రాజీనామా చేస్తున్నాను."

బాబుకి చట్టం తెలీదని ఎవరన్నారు? 1961 నాటి ప్రసూతి చట్టం ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో కలిసినా అందులో ముఖ్యమైన ముక్క అలాగే ఉంది: గర్భంతో ఉండగా తీసేసినా, తీసేయకపోతే ఆమెకి రావాల్సిన ప్రసూతి డబ్బు ఎగ్గొట్టడానికి లేదు. మొదటి రెండు కాన్పులకి 26 వారాల జీతం. పురుడు తేదీకి ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు, ఈమె నాలుగేళ్ళు చేసింది. రోజుకి 400 చొప్పున 182 రోజులకి 72,800 రూపాయలు. కానీ రాజీనామా చేసిన మనిషిని ఎవరూ తీసేయలేదు కదా! ఆ రెండు లైన్ల ఒడియా ఖరీదు 72,800. ఈఎస్ఐలో పేరెక్కించి ఉంటే ఆ డబ్బు కార్పొరేషనే ఇచ్చేది, నెలనెలా చందా కట్టడం దండగని బాబు ఎక్కించలేదు. పొదుపు అలాంటిది మరి.

ఇక నిలబడే డ్యూటీ. ఇక్కడ చట్టం కూడా బాబుకి కాస్త సాయం చేసిందని చెప్పక తప్పదు. ఎక్కువసేపు నిలబెట్టే పని, బరువు పని వద్దని గర్భిణి అడిగితే చేయించకూడదు, అందుకు జీతం కోయకూడదు. కానీ అది పురుడు తేదీకి ఆరు వారాల ముందు, దానికంటే ముందు ఒక నెల, అంతే. మా చెల్లికి డాక్టరిచ్చిన తేదీ జూన్ 20. లెక్కేస్తే ఏప్రిల్ 9 నుంచే ఆ హక్కు. బాబు మార్చింది ఫిబ్రవరిలో. పైగా "అడిగితే" అన్నమాట ఒకటుంది, నోటితో అడిగితే ఎవరు విన్నారని సాక్ష్యం?

అందుకే ఆమె కాగితం మీద అడిగింది. ఒకటి: రాజీనామా చేయడం లేదు. రెండు: డాక్టర్ చీటీ జతచేస్తున్నాను, అందులో ఎక్కువసేపు నిలబడొద్దని రాశారు కాబట్టి ఇప్పుడే పాత కౌంటర్ ఇప్పించండి, ఇవ్వకపోయినా ఏప్రిల్ 9 నుంచి నిలబడే పని వద్దనడం నా హక్కు. మూడు: ఏప్రిల్ 25 నుంచి సెలవు. పురుడుకి ముందు ఎనిమిది వారాల దాకా తీసుకోవచ్చు కాబట్టి ఆ తేదీ. ముందు భాగం జీతం అడ్వాన్స్‌గా ఇవ్వాలని, పురుడైన రుజువు అందిన 48 గంటల్లో మిగతాది ఇవ్వాలని కూడా రాసింది. రెండు కాపీలు తీసి ఒకదాని మీద మేనేజర్ సంతకం అడిగితే ఆయనకి సడన్‌గా కళ్ళజోడు కనపడలేదు. సరేనని స్పీడ్ పోస్ట్‌లో పంపి, ఒక కాపీ జిల్లా లేబర్ ఆఫీసుకి కూడా వేసింది. ఒకవేళ తీసేస్తే అప్పీలుకి 60 రోజుల గడువుందని టైలర్ మామయ్య గోడ క్యాలెండర్లో గీత గీసి పెట్టాడు, ఆయనకి ఇలాంటివంటే భలే హుషారు.

పోస్టు అందిన రెండో రోజు బాబు పైకొచ్చాడు. చుట్టూ చూసి, "ఏంటమ్మా, ఇన్నాళ్ళు నిలబడే ఉన్నావా, చెప్పొద్దూ?" అని మేనేజర్ని కేకేశాడు. స్టూలు వచ్చింది. పాత కౌంటర్ మాత్రం ఇంకా రాలేదు, అక్కడ ఇప్పుడు బాబు బావమరిది కూర్చుంటున్నాడు.