మేనేజర్‌ను వ్యవస్థాపకుణ్ని చేసే కార్డులు

బెంగళూరులో అచ్చయి అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు వెళ్లే విజిటింగ్ కార్డుల్లో కనబడే ఒక తప్పును ఇక పట్టించుకోక తప్పదు. ఒకవైపు ఇంగ్లిషు, వెనకవైపు తెలుగు ఉన్న కార్డు మీద బ్రాంచి మేనేజర్ హోదా ‘శాఖా వ్యవస్థాపకులు’ అని ఉంటుంది. కన్నడంలో వ్యవస్థాపక అంటే మేనేజర్. తెలుగులో వ్యవస్థాపకుడంటే సంస్థను పెట్టిన మనిషి. కన్నడంలో ఆయన్ని సంస్థాపక అంటారు. అదే దారిలో మేనేజింగ్ డైరెక్టర్ ‘వ్యవస్థాపక నిర్దేశకులు’ అయిపోతారు. కార్డు అందుకున్న హిందూపురం వ్యాపారి తన ఎదుట కూర్చున్నది కంపెనీ యజమానే అనుకుంటే తప్పు ఆయనది కాదు.

ఇది ఎలా జరుగుతుందో అచ్చు పనివారికి తెలుసు. కన్నడ కార్డు ఫైలు ముందే సిద్ధంగా ఉంటుంది. కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో కన్నడ, తెలుగు అక్షరాలు దాదాపు ఒకే వరసలో ఉంటాయి. తెలుగు ‘క’ సంఖ్య U+0C15 అయితే కన్నడ ‘క’ది U+0C95. అందుకని లిపి మార్చడం క్షణంలో పని. లిపి మారుతుంది కానీ మాట కన్నడమే. చదవడానికి తెలుగులా ఉంటుంది కాబట్టి ప్రూఫు చూసేవారి కన్ను కూడా ఆగదు.

‘నియమిత’ కథ కూడా ఇంతే. కర్ణాటక ప్రభుత్వ కంపెనీలు లిమిటెడ్ అనే మాటను కన్నడంలో నియమిత అని రాసుకుంటాయి. అవి తమ కన్నడ పేరును బోర్డు మీదా, బిల్లు మీదా ఒకే తీరున వాడుతున్నాయి, అందువల్ల అక్కడ ఇబ్బంది లేదు. తెలుగులోకి వస్తే నియమితుడంటే ఉద్యోగంలో నియమించబడినవాడు. ఒక ప్రైవేటు కంపెనీ పేరు చివర ‘నియమిత’ అని చూసిన తెలుగు పాఠకుడికి అది లిమిటెడ్ కంపెనీ అన్న సంగతే తట్టదు.

కంపెనీ పేరు విషయంలో మా మాట స్పష్టం: రిజిస్టరయిన పేరును తెలుగు అక్షరాల్లో రాయాలి, అనువదించకూడదు. 2013 కంపెనీల చట్టం 12వ సెక్షన్ కూడా ఆఫీసు బయట రాసే పేరు, చిరునామాల గురించి చెప్పేటప్పుడు, ఆ ప్రాంతపు భాష అక్షరాల్లో కూడా అవి ఉండాలంటుంది. అడిగింది అక్షరాలను. పేరుకు అర్థం చెప్పమనలేదు.

ఊహకు ఒక పేరు తీసుకుందాం: బ్రైట్ హార్వెస్ట్ సాఫ్ట్‌వేర్ ప్రైవేట్ లిమిటెడ్. ఉత్సాహవంతుడైన అనువాదకుడు దీన్ని ‘ఉజ్వల సస్య’ అని మార్చాడనుకోండి. వినసొంపుగానే ఉంది. కానీ ఆ పేరుతో చెక్కు రాస్తే, ఖాతా ఇంగ్లిషు పేరు మీద ఉంది కాబట్టి, పేరు సరిపోలేదని బ్యాంకు తిప్పి పంపవచ్చు. కంపెనీల రిజిస్టరులో వెతికితే ఆ పేరు దొరకదు. ఒప్పందంలో ఒక పేరు, జీఎస్టీ ఇన్‌వాయిస్‌లో మరో పేరు పడితే చెల్లింపుల గుమాస్తా ఫైలు పక్కన పెడతాడు. ‘బ్రైట్ హార్వెస్ట్’ అని తెలుగు అక్షరాల్లో ఉంటే, అర్థం తెలియనివారు సైతం ఫోనులో అదే పేరు పలుకుతారు, అవతలివారు అదే కంపెనీని గుర్తుపడతారు.

అయితే తెలుగు అక్షరాలను బట్టి ఇంగ్లిషు స్పెల్లింగు ఎవరూ కచ్చితంగా రాయలేరు. అందుకే లెటర్‌హెడ్ మీద తెలుగు పేరు కిందనే ఇంగ్లిషు పేరు ఉండాలి. అదే 12వ సెక్షన్ ప్రకారం ఉత్తరాల మీద ఎలాగూ ఉండాల్సిన 21 అక్షరాల కంపెనీ గుర్తింపు సంఖ్యను, జీఎస్టీ సంఖ్యను, ఈమెయిల్‌ను ఉన్నవి ఉన్నట్టే వదిలేయాలి. గుర్తింపు సంఖ్యలోని ఇంగ్లిషు అక్షరాలను ‘యు’, ‘ఎల్’ అని తెలుగులో పెట్టిన ఉత్తరం ఎవరికీ పనికిరాదు.

మరి ఇందులో తెలుగు ఎక్కడ మిగిలిందని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నను మేం తేలిగ్గా తీసుకోం. పేరు కింద ఒక వాక్యానికి చోటుంది. ‘పంట కొనుగోళ్ల లెక్కలకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే సంస్థ’ అని అక్కడ రాయండి. రైతుకు, వ్యాపారికి కావలసిన తెలుగు అదే. అది లేకుండా పేరును మాత్రం సంస్కృతంలోకి తిప్పితే ఎవరికీ లాభం లేదు.

హోదాల దగ్గర పని కొంచెం సున్నితం. చట్టం నిర్వచించిన పదవులైన మేనేజింగ్ డైరెక్టర్, కంపెనీ సెక్రటరీ వంటివాటిని అక్షరాల్లోనే ఉంచాలి. కంపెనీ సెక్రటరీని ‘కార్యదర్శి’ అంటే పంచాయతీ కార్యదర్శో, సంఘ కార్యదర్శో గుర్తొస్తారు. డైరెక్టర్ అన్న మాటకైతే సినిమాలో దర్శకుడు, ప్రభుత్వ శాఖలో సంచాలకులు అని వేరువేరు తెలుగు మాటలు స్థిరపడ్డాయి. కంపెనీ డైరెక్టరుకు ఆ రెండూ నప్పవు. వైస్ ప్రెసిడెంట్ మరీ చిక్కు. పెద్ద కంపెనీల్లో, బ్యాంకుల్లో ఆ హోదాలో చాలామంది ఉంటారు. ‘ఉపాధ్యక్షుడు’ అని రాస్తే అధ్యక్షుడి తర్వాత ఆయనేనని, సంతకానికి అధికారం ఉందని అనుకుంటారు. పైగా ఆ పదవిలో మహిళ ఉంటే ‘ఉపాధ్యక్షురాలు’ అని మార్చాలి. వైస్ ప్రెసిడెంట్ అని వదిలేస్తే ఆ బెడద ఉండదు. తెలుగు చేయాల్సింది విభాగాన్ని: ‘వైస్ ప్రెసిడెంట్, కొనుగోళ్లు’.

కానీ అక్షరాల్లో రాయడమే సర్వత్రా మందు కాదు. ‘కస్టమర్ సక్సెస్ మేనేజర్’ అని తెలుగు లిపిలో రాస్తే ఆ మనిషి ఏం చేస్తాడో ఎవరికీ అర్థం కాదు; ‘మేనేజర్, వినియోగదారుల సేవలు’ అనాలి. న్యాయవాది, వైద్యుడు వంటి మాటలు జనం నోట ఉన్నవే, వాటిని అడ్వొకేట్, డాక్టర్ చేయనక్కర్లేదు.

ఉత్తరం అందుకునే అధికారి హోదాను ఆ కార్యాలయం తన కాగితాల మీద ఎలా రాసుకుంటుందో అలాగే రాయాలి. కన్నడం అలవాటున్న బెంగళూరు గుమాస్తా అనంతపురానికి రాసేటప్పుడు ‘జిల్లాధికారి గారికి’ అంటాడు. అక్కడ ఆయన జిల్లా కలెక్టర్. కన్నడంలోని ఉప నోందణాధికారి అక్కడ సబ్ రిజిస్ట్రార్.

ఇక అచ్చులో దొర్లే తప్పు ఒకటుంది. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ‘ట్’ తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది, యూనికోడ్‌లో U+200C. అది ఊడిపోతే ‘సాఫ్ట్వేర్’ అని ‘వ’ ఒత్తై కిందికి జారుతుంది. పాత ఫాంట్లలోకి మార్చేటప్పుడో, ఒక ప్రోగ్రాం నుంచి మరోదానికి అతికించేటప్పుడో ఇది జరుగుతుంది. డిజైనరు పేజీలు అమర్చే ఇన్‌డిజైన్ ప్రోగ్రాంలో, మన లిపులను సరిగా కూర్చే వరల్డ్-రెడీ కంపోజర్‌ను ఎంచుకోకపోతే ఒత్తులు, గుణింతాలు చెదిరిపోతాయి. వర్డ్ ఫైలు సరిగా ఉందని సంతృప్తి పడక, అచ్చుకు వెళ్లే పీడీఎఫ్‌నే తెలుగు చదివే వ్యక్తి చేత బిగ్గరగా చదివించాలి.

కంపెనీలు చేయాల్సింది ఒక పేజీ పని. తమ పేరు, చిరునామా, హోదాలన్నీ తెలుగులో ఎలా రాయాలో ఒకసారి తేల్చుకుని, ప్రైవేట్ అనాలా ప్రైవేటు అనాలా అన్న దాకా నిర్ణయించి, ఆ పేజీని కంపెనీ సెక్రటరీ దగ్గర ఉంచాలి. కార్డు ముద్రించే దుకాణానికి కన్నడ ఫైలు కాకుండా ఆ పేజీ వెళ్లాలి.