శాటిలైట్ పడిపోతే కోర్ డబ్బు ముట్టుకోకండి

కోర్-శాటిలైట్ గురించి ఎవరిని అడిగినా ఒకటే చెబుతారు. 85 శాతం ఇండెక్స్ ఫండ్‌లో వేసుకో, అది కోర్; 15 శాతంతో నీ ఐడియాలు ఆడుకో, అది శాటిలైట్; ఏడాదికోసారి రీబ్యాలెన్స్ చేసుకో, అంటే వాటాలు మళ్లీ 85-15కి తెచ్చుకో. మొదటి రెండిటితో నాకు పేచీ లేదు. ఆ మూడో ముక్కే నన్ను ముంచింది.

నా దగ్గర అప్పటికి 10 లక్షలు. ఎనిమిదిన్నర నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్‌లో, డైరెక్ట్ ప్లాన్. మిగతా లక్షన్నర మూడు ఐడియాలకు తలా 50 వేలు. అందులో ఒకటి చిన్న కెమికల్ కంపెనీ, 400 చొప్పున 125 షేర్లు కొన్నాను. కొన్నాళ్లకు అది 300కి వచ్చింది. మా బావమరిది ఫోన్ చేసి "బావా, అప్పుడు 400కి నచ్చింది ఇప్పుడు 300కి నచ్చదా?" అన్నాడు. కాదనడానికి నోరు రాలేదు. పైగా శాటిలైట్ వాటా 15 కన్నా తగ్గింది కాబట్టి నింపడం క్రమశిక్షణే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా! నెలకు 20 వేల ఇండెక్స్ సిప్ ఆపేసి 300 దగ్గర 100 షేర్లు, 220 దగ్గర 150, 180 దగ్గర 200 కొన్నాను. ఐదు నెలల సిప్, 99 వేలు, అటు పోయింది.

డీమ్యాట్‌లో సగటు ధర 400 నుంచి 259కి దిగితే చూడ్డానికి భలే ఉంటుంది, ఏదో గెలిచినట్టు. ఇప్పుడు ఆ షేరు 140. మొత్తం పెట్టింది 1,49,000, చేతిలో ఉన్నది 80,500. మొదటి 50 వేలతో ఆగి ఉంటే నష్టం 32,500తో పోయేది, సగటు తగ్గించుకునే సంబరానికి ఇంకో 36 వేలు కట్టాను.

ఇక్కడ తప్పు ఎక్కడ జరిగిందంటే, రీబ్యాలెన్స్ సూత్రం ఈక్విటీకీ డెట్‌కీ మధ్య పుట్టింది. మార్కెట్ మొత్తం పడితే డెట్ నుంచి కాస్త తీసి ఈక్విటీలో వేస్తాం, ఎందుకంటే 50 కంపెనీలూ కలిసి సున్నా కావు. ఒక్క కంపెనీ అవుతుంది. ఇంకో సంగతి, ఇండెక్స్ అనేది పడిపోయే షేరును ఎప్పుడూ యావరేజ్ చెయ్యదు. ధర తగ్గితే అందులో దాని వెయిట్ దానంతటదే తగ్గుతుంది, మరీ దిగజారితే బయటికి పంపేస్తారు. యెస్ బ్యాంక్ సంగతే తీసుకోండి. 2018లో 400 దగ్గర తిరిగిన షేరు, 2020 మార్చిలో ఆ బ్యాంకు మీద ఆర్‌బీఐ మారటోరియం పెట్టి డబ్బు తీసుకోవడానికి పరిమితి విధించింది, అదే నెలలో నిఫ్టీ 50 నుంచి తీసేసి శ్రీ సిమెంట్‌ను పెట్టారు. ఇండెక్స్ ఫండ్ ఉన్నవాళ్లలో చాలామందికి అది వెళ్లిపోయిన సంగతే తెలియదు. 300కి, 200కి, 100కి, 50కి "ఇంకెంత పడుతుందిలే" అని కొంటూ పోయినవాళ్లకు మాత్రం బాగా తెలుసు. మనం కోర్ ఆపి శాటిలైట్ నింపుతున్నామంటే, చెత్తను తనే ఊడ్చుకునే దాన్ని వదిలి ఊడ్చుకోలేని దానికి డబ్బు మోస్తున్నట్టు.

అసలు ఈ 15 శాతంతో ఎంత వస్తుందో కూడా లెక్కేసుకోండి. ఏడాదిలో ఇండెక్స్ 10 శాతం ఇచ్చి, మీ ఐడియాలు దానికి రెట్టింపు, 20 శాతం ఇచ్చాయనుకుందాం. 10 లక్షల మీద అదనంగా వచ్చేది 15 వేలు, మొత్తానికి 11.5 శాతం. అంత బాగా ఎంచుకున్నా అంతే! దానికోసం కోర్‌ను కదపడం ఎందుకో నాకైతే అర్థం కావడం లేదు. (శాటిలైట్ అని చెప్పి బ్యాంకింగ్ ఫండ్ కొనేవాళ్లు ఇంకో రకం. నిఫ్టీలో ఇప్పటికే మూడో వంతు దాకా బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలే, అది ఐడియా కాదు, ఉన్నదాన్నే రెండోసారి కొనడం.)

ఇప్పుడు నేను చేస్తున్నది ఇది. సిప్ 20 వేలలో 17 వేలు 5వ తారీఖున నేరుగా ఇండెక్స్‌కు పోతుంది, 3 వేలు వేరే అకౌంట్లో పడుతుంది. శాటిలైట్‌కు ఏం కొన్నా ఆ వేరే అకౌంట్లోంచే. పడిపోతే పడిపోయింది, దాని వాటా 10 అయినా 8 అయినా కోర్ నుంచి రూపాయి రాదు. పెరిగి 20 శాతం దాటితే మాత్రం ఆ 3 వేలు కూడా ఇండెక్స్‌కే మళ్లిస్తాను, ఎందుకంటే అమ్మాల్సిన పని ఉండదు. ఏడాది లోపు అమ్మితే లాభం మీద 20 శాతం పన్ను, అది ఊరికే కట్టడం నాకు ఇష్టం లేదు.

ఇది రాస్తుండగా ఆ షేరు 136 అయింది. బావమరిది మెసేజ్ పెట్టాడు, "బావా, ఇప్పుడైనా?" అని. ఆ అకౌంట్లో 3 వేలు ఉన్నాయి, 22 షేర్లు వస్తాయి. సిప్ నిన్ననే వెళ్లిపోయింది.