ఎక్సెప్షన్లు లెక్కపెట్టి వార్ మోడల్‌కి మార్కులు వేయొచ్చా?

వార్ అంటే వాల్యూ ఎట్ రిస్క్, ఒక రోజు నష్టం మామూలుగా దాటకూడని గీత. నష్టం ఆ గీత దాటిన రోజుని ఎక్సెప్షన్ అంటారు. దీని మీద ఈమధ్య ఒక పోస్టు చూశాను:

"వార్ మోడల్ పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి పెద్ద గణితం అక్కర్లేదు. ఏడాదిలో 250 ట్రేడింగ్ రోజులు. నష్టం వార్‌ని దాటిన రోజులు ఎన్నో లెక్కపెట్టండి. 4 లోపు ఉంటే మోడల్ ఓకే. సున్నా అయితే సూపర్. 5 వచ్చాయంటే మోడల్ తప్పని తేలిపోయినట్టే. బాసెల్ రూలే ఇది."

చివరి మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే దాంట్లో సగం నిజముంది. బ్యాంకులకు అంతర్జాతీయ నియమాలు రాసే బాసెల్ కమిటీ 1996లో పెట్టిన పద్ధతిలో 99 శాతం వార్‌ని 250 రోజుల మీద పరీక్షిస్తారు. 0 నుంచి 4 దాకా గ్రీన్ జోన్, 5 నుంచి 9 దాకా యెల్లో, 10, ఆపైన రెడ్. గ్రీన్‌లో ఉన్న బ్యాంకు మూలధనం లెక్కకు వార్‌ని 3తో గుణిస్తారు. 5 ఎక్సెప్షన్లకు ఆ గుణకం 3.40 అవుతుంది, 10కి 4 అవుతుంది. అంటే ఆ అంకెలు చెప్పేది బ్యాంకు ఎంత మూలధనం పక్కన పెట్టాలన్నది. మోడల్ మంచిదని సర్టిఫికెట్ ఇవ్వడం వాటి పని కాదు. యెల్లో జోన్ గురించి కమిటీయే చెప్పింది: ఈ ఫలితం సరైన మోడల్‌కీ రావచ్చు, తప్పు మోడల్‌కీ రావచ్చు, కారణం వెతకండి అని. పోస్టు రాసినవారు పట్టిక చూశారు, దాని కింద ఉన్న వివరణ చూడలేదు.

ఇక "4 లోపు ఉంటే ఓకే" సంగతి. 99 శాతం వార్ కోటి రూపాయలంటే, వంద రోజుల్లో ఒక్క రోజు మాత్రమే నష్టం కోటి దాటాలి. 250 రోజులకు సగటున రెండున్నర. ఇప్పుడు ఒక మోడల్ రిస్క్‌ని తక్కువ చేసి చూపిస్తోందనుకోండి. నిజానికి వందలో రెండు రోజులు దాటుతోంది, అంటే ఉండాల్సినదానికి రెట్టింపు. అది గ్రీన్‌లోనే మిగిలే అవకాశం ఎంతో మీ కంప్యూటర్‌లోనే చూసుకోండి:

```
from scipy.stats import binom
binom.cdf(4, 250, 0.01)   # 0.892
binom.cdf(4, 250, 0.02)   # 0.439
binom.cdf(4, 250, 0.03)   # 0.128
```

రెండో వరస చూడండి. రెట్టింపు తప్పు చేసే మోడల్‌కి కూడా వందలో 44 సార్లు గ్రీన్ వస్తుంది. బొమ్మా బొరుసూ వేసినంత పని. మూడు రెట్లు తప్పు చేసేది సైతం వందలో 13 సార్లు తప్పించుకుంటుంది. రెండు, మూడు, నాలుగు సంఘటనలతో ఒక నిష్పత్తిని కొలవబోతే అంతకంటే స్పష్టత రాదు. కొలబద్దే పొట్టిది.

మొదటి వరస "5 వస్తే తప్పే" అన్న మాటకు జవాబు. అచ్చంగా సరైన మోడల్‌కి కూడా ఏడాదిలో 5 లేదా అంతకంటే ఎక్కువ రావడానికి దాదాపు 11 శాతం అవకాశముంది. పది ట్రేడింగ్ డెస్కులున్న బ్యాంకులో, ఆ డెస్కులు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే, ఏటా సగటున ఒక డెస్క్ ఏ తప్పూ లేకుండానే యెల్లోలో పడుతుందన్నమాట. ఎక్సెప్షన్ల సంఖ్యను మాత్రమే చూసే పరీక్ష ఒకటి కూపియెక్ 1995లో ఇచ్చాడు, దాన్ని 5 శాతం స్థాయిలో వాడితే 250 రోజులకు 6 దాకా మోడల్‌ని తోసిపుచ్చలేం, 7 దగ్గరే తోసిపుచ్చుతాం. కాబట్టి 5 దగ్గర ఏదీ "తేలిపోదు".

సున్నా మీద నాకు ఇంకాస్త కోపం ఉంది. నేను మోడల్ వ్యాలిడేషన్‌లో పనిచేసేవాణ్ణి. హైదరాబాద్‌లో ఈ పని చేసే మనవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లకు ఈ దృశ్యం తెలుసు. డెస్క్ వాళ్లు నవ్వుతూ వచ్చి "ఈ ఏడాది జీరో ఎక్సెప్షన్స్ అండీ" అంటారు. ఒక్క ఏడాదికి సున్నా రావడం వింతేం కాదు, సరైన మోడల్‌కి కూడా వందలో 8 సార్లు వస్తుంది. మూడేళ్లు వరసగా సున్నా వస్తే మాత్రం అభినందించే ముందు పుస్తకాలు తెరవాలి. కెనడాలోని ఆరు పెద్ద బ్యాంకుల మీద పెరీన్యోఁ, డెంగ్, వాంగ్ చేసిన అధ్యయనం 2008లో వచ్చింది. అన్నిటికీ కలిపి 7,354 రోజులు. దాదాపు 74 ఎక్సెప్షన్లు ఉండాలి, వాళ్లకు కనిపించినవి రెండు. ఆ బ్యాంకులు రిస్క్‌ని అతిగా చూపిస్తున్నాయని తేలింది. అతిగా చూపిస్తే మూలధనం ఊరికే ఇరుక్కుపోతుంది. అంతకంటే చిక్కేమిటంటే, ఎప్పుడూ ఎత్తుగా ఉండే అంకెకి డెస్క్ మీద విలువ పోతుంది, పరిమితి దాటినా ఎవరూ ఉలికిపడరు.

సున్నాకి ఇంకో మామూలు కారణం ధరలు కదలకపోవడం. రోజూ కొనుగోళ్లు, అమ్మకాలు జరగని బాండ్లకు నిన్నటి ధరే ఇవాళా వేస్తే లాభనష్టాల వరస నున్నగా ఉంటుంది, నష్టం వార్ దాకా రాదు. ఇంకొకటి, ఫీజులూ ఆ రోజు కొత్తగా చేసిన ట్రేడ్ల ఆదాయమూ కలిసిన లాభనష్టాలతో పోల్చడం. వార్ కొలిచేది నిన్న సాయంత్రం ఉన్న పొజిషన్‌ని. కమీషన్ ఆదాయం పైన పోసి నష్టాన్ని తగ్గిస్తే దాటాల్సిన రోజు దాటదు. అందుకే పొజిషన్‌ని కదపకుండా ఉంచి ధరలు మాత్రమే మార్చిన హైపోథెటికల్ లాభనష్టాలతోనూ పోల్చి చూడాలి. సున్నా కనిపించగానే నేను చేసే మొదటి పని, అదే మోడల్‌తో 95 శాతం వార్ తీయించడం. అక్కడ 250 రోజులకు 12 లేదా 13 రావాలి. రెండో మూడో వస్తే మోడల్ లావుగా ఉందన్న సంగతి 99 దగ్గర కనిపించనంత తేటగా ఇక్కడ కనిపిస్తుంది.

ఇవన్నీ లెక్కలోని లోపాలు. అసలు లోపం, లెక్కలో తేదీలు లేకపోవడం. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటాం, ఎందుకంటే కుండంతా ఒకే మంట మీద ఉంటుంది. మార్కెట్‌లో ఏడాదంతా ఒకే మంట ఉండదు.

2019 మార్చి 24 నుంచి 2020 మార్చి 23 దాకా నిఫ్టీ 50ని తీసుకోండి. సూచీ మీద లాంగ్ పొజిషన్ ఉన్న ఒక డెస్క్, దాని 99 శాతం వార్ ఏడాదంతా 4 శాతం దగ్గరే కదలకుండా ఉందనుకుందాం. మొండి మోడలే, కానీ పిసినారి మోడల్ కాదు. ఆ ఏడాదిలో ఫిబ్రవరి చివరి దాకా వచ్చిన పెద్ద పతనం ఫిబ్రవరి 28 నాటి 3.7 శాతం. అంటే పదకొండు నెలలు ఒక్క ఎక్సెప్షన్ లేదు. తరవాత మార్చి 9న 4.9 శాతం, 12న 8.3, 16న 7.6, 18న 5.6, 23న దాదాపు 13 శాతం. అయిదు. 10న హోలీ సెలవు కాబట్టి, 9 నుంచి 23 దాకా ఉన్నవి పదే ట్రేడింగ్ రోజులు.

ఇప్పుడు దీన్ని పరీక్షకు పెట్టండి. ఏడాదికి 5. బాసెల్ పట్టికలో యెల్లో మొదటి మెట్టు, గుణకం 3.40. కూపియెక్ పరీక్షలో విలువ సుమారు 1.96 వస్తుంది, 3.84 దాటితేనే తోసిపుచ్చాలి, కాబట్టి పాస్. గ్రీన్‌కి ఒక్క అడుగు దూరం, గణాంకాల ప్రకారం తప్పేం లేదు. కానీ రెండు వారాల్లో రోజు విడిచి రోజు వార్ విరిగిపోయింది. అయిదు ఎక్సెప్షన్లు ఏడాది మీద యాదృచ్ఛికంగా పడితే, అన్నీ ఏదో ఒక పది రోజుల్లోనే కూడే అవకాశం పది లక్షల్లో సుమారు నాలుగు.

ఇలాంటి గుంపును పట్టడానికే క్రిస్టోఫర్సన్ 1998లో స్వతంత్రత పరీక్ష ఇచ్చాడు కదా అని ఎవరైనా అడగొచ్చు. అడగాల్సిందే. ఆ పరీక్ష చూసేది ఒక్కటే: నిన్న ఎక్సెప్షన్ అయితే ఇవాళ కూడా అయ్యే అవకాశం పెరిగిందా అని. పైన తేదీలు మళ్లీ చూడండి. 9 తరవాతి ట్రేడింగ్ రోజు 11, ఆ రోజు దాటలేదు. 12 తరవాత 13న మార్కెట్ పుంజుకుంది. 17న, 19న పడింది కానీ 4 శాతం కంటే తక్కువే. 20న పెరిగింది. వరసగా రెండు రోజులు ఒక్కసారి కూడా లేవు! కాబట్టి ఆ పరీక్షకి గుంపు కనబడదు, ఇదీ పాస్ చేస్తుంది. అదే అయిదు ఎక్సెప్షన్లు అయిదు వరస రోజుల్లో వచ్చి ఉంటే విలువ 30 దాటేది. భయం ఒక రోజు ఆగి మళ్లీ వచ్చే మార్కెట్‌లో నిన్నను మాత్రమే అడిగే పరీక్ష గుడ్డిదవుతుంది. ఒక ఎక్సెప్షన్‌కీ తరవాతి దానికీ మధ్య ఎన్ని రోజులు గడిచాయో కొలిచే పరీక్షలు అందుకే వచ్చాయి. క్రిస్టోఫర్సన్, పెల్లెటియే 2004లో ఇచ్చింది అలాంటిదే. ఇక్కడ ఆ దూరాలు 2, 2, 2, 3 రోజులు. ఉండాల్సిన సగటు 100. అయిదు సంఘటనలతో ఏ పరీక్షకైనా బలం తక్కువేనని ఒప్పుకోవాలి. కానీ రిపోర్టులో "5" అని రాయడానికి బదులు ఈ నాలుగు అంకెలు రాస్తే, గణాంకాలు రాని పైఅధికారికి కూడా విషయం అర్థమవుతుంది.

పరిమాణం సంగతి కూడా అక్కడే ఉంది. మార్చి 9న గీతను 0.9 శాతం దాటింది, 23న 9 శాతం దాటింది. లెక్కలో రెండూ ఒక్కొక్కటే. మూలధనం లెక్కకు బాసెల్ వార్‌ని వదిలి, గీత దాటిన రోజుల్లో సగటు నష్టం ఎంతో చెప్పే ఎక్స్‌పెక్టెడ్ షార్ట్‌ఫాల్‌కి మారడానికి ఒక కారణం ఇదే. అయినా కొత్త నియమాల్లో బ్యాక్‌టెస్ట్ మాత్రం ఇంకా వార్ ఎక్సెప్షన్ల మీదే నడుస్తుంది. ఒక డెస్క్‌కి పన్నెండు నెలల్లో 99 శాతం దగ్గర 12, లేదా 97.5 శాతం దగ్గర 30 దాటితే, ఆ డెస్క్ సొంత మోడల్ వాడే అర్హత పోతుంది. లెక్కపెట్టడం తేలిక, అందుకే పోలేదు. అదేం నేరం కాదు, పక్కన తేదీలూ పరిమాణాలూ పెట్టుకున్నంత వరకు.

ఇంకో చిన్న విషయం. ఈ 250 రోజుల కిటికీ రోజూ ఒక అడుగు జరుగుతుంది. 2021 మార్చి నెలాఖరుకల్లా ఆ అయిదు ఎక్సెప్షన్లూ ఒకదాని వెంట ఒకటి కిటికీలోంచి జారిపోతాయి. మన మొండి మోడల్‌లో ఒక్క అంకె మారదు, వార్ 4 శాతం దగ్గరే ఉంటుంది. రిపోర్టులో మాత్రం లెక్క అయిదు తగ్గుతుంది.