అన్నం తినవోతే ఆబ్సెంటట

పొద్దుగాల మెయిల్ తెరిస్తే నిన్నటి ఆన్‌లైన్ ట్రైనింగ్‌ల నాకు హాజరు సరిపోలేదట, వచ్చే బ్యాచ్‌ల మల్ల కూసోవాలట. దినమంత కుర్సీల కూసున్నోనికి గిదా బహుమానం!

నోటీసు మాత్రం మస్తు ముద్దుగున్నది. సెషన్ 9:30 నుంచి 5:30. పొద్దున 15 నిమిషాలు చాయ్, మధ్యాహ్నం 45 నిమిషాలు అన్నం, మూడున్నరకు ఇంకో 15 నిమిషాలు చాయ్. హాజరు 90 శాతం ఉండాలె. సరే, దేంట్ల 90 శాతం? గా ఒక్క ముక్క రాయలే.

మీరే లెక్క జేయుండ్రి. మొత్తం 480 నిమిషాలు. బ్రేకులు తీసేస్తే పాఠం 405. నేను బ్రేక్ అన్నప్పుడల్లా బుద్ధిగ లీవ్ నొక్కిన, టైముకు మల్ల జాయిన్ అయిన. మీటింగ్ రిపోర్టుకు బ్రేకు తెల్వదు, పాఠం తెల్వదు. ఎప్పుడొచ్చిన్రు, ఎప్పుడు పోయిన్రు, ఎంతసేపు కనెక్ట్ అయి ఉన్నరు, గంతే రాస్తది. నా పేరు పక్కన 405 వడ్డది. హెచ్ఆరోళ్లు దాన్ని 480 తోటి భాగించిన్రు. 84 శాతం! పాఠంల ఒక్క నిమిషం ఇడువలే, అయినా ఫెయిల్. 90 శాతం రావాల్నంటే 432 నిమిషాలు కావాలె. తక్కువైన 27 నిమిషాలు నేను పప్పన్నం తినుకుంట లైన్ల ఉండి సంపాదించాల్నేమో.

మా పక్క టేబులాయన పొద్దున జాయిన్ అయిండు, మైకు, కెమెరా బంద్ వెట్టిండు, సాయంత్రం దాక కస్టమర్లతోటి ముచ్చట వెట్టిండు. ఆయనకు నూటికి నూరు.

హెచ్ఆర్ మేడంకు ఫోన్ జేస్తే "సిస్టమ్‌లో అలాగే చూపిస్తోందండీ" అంటది. సిస్టమ్ నిమిషాలే సూపిస్తది తల్లీ, దేంతోటి భాగించాల్నో ఎక్సెల్‌ల రాసింది మీరే కదా! 405 తోటి భాగిస్తే 365 నిమిషాలున్నోళ్లంత పాసే. అది చాతగాకుంటే "బ్రేక్‌ల కూడ లైన్ కట్ చేయొద్దు" అని నోటీసుల ఒక లైన్ రాస్తే ఏం వోయింది?

ఇగ ట్రైనింగ్‌కు ముందే ఆన్‌లైన్‌ల సూడాల్సిన ప్రీవర్క్ ముచ్చట వేరే. శుక్రవారం సాయంత్రం ఆరింటికి పంపి సోమవారం పొద్దటికల్ల పూర్తి జేయాలంటరు. ఆఖరి స్లైడ్ దాక సూసి, లోపలున్న ఎగ్జిట్ బటన్ నొక్కకుంట ట్యాబ్ మూసేసినమా, అయిపాయె. చానమందికి "ఇన్ ప్రోగ్రెస్" అనే మిగిలింది. రిమైండర్ల మీద రిమైండర్లు.

అసలు జిల్లాలోళ్లంటే వీళ్లకు ఎప్పుడూ అలుసే. కరోనాకు ముందు హైదరాబాద్‌ల క్లాసు వెట్టిన్రు, 9 గంటలకు షార్ప్ అన్నరు. నల్గొండల చీకటితోనే బస్సెక్కి, ఎల్బీ నగర్ ట్రాఫిక్ ఈదుకుంట పోయేసరికి పది నిమిషాలు లేటైంది. రిజిస్టర్ మూసేసిన్రు, సంతకం వెట్టనియ్యలే. ట్రైనర్ సారేమో తొమ్మిదిముప్పావుకు కాఫీ కప్పుతోటి వచ్చిండు. ఆయన కొండాపూర్ నుంచి రావాలె కదా, పాపం దూరం.

గా బస్ చార్జీల బిల్లు ఇప్పటికీ అప్రూవల్‌లనే ఉన్నది.