తోటకూర మానేశారు, ఉప్పు ప్యాకెట్ చూడలేదు

కిడ్నీ జబ్బు ముదిరిందని తేలిన ఇంట్లో మొట్టమొదట మాయమయ్యేది ఆకుకూర. ఆ తర్వాత పప్పు, టమాటా, పండ్లు, చింతపండు. ఆస్పత్రిలో ఇచ్చిన కాగితం ఒకటి, చుట్టాలు వాట్సాప్‌లో పంపింది ఒకటి, పక్కింటాయన చెప్పింది ఒకటి. మూడూ కలిపితే కంచంలో మిగిలేది మజ్జిగన్నం, బీరకాయ కూర. మనిషి నెలనెలా బరువు తగ్గుతుంటాడు, రక్తపరీక్షలో పొటాషియం మాత్రం దిగదు. అన్నీ మానేసినా ఎందుకు దిగడం లేదని ఇంట్లోవాళ్లు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే అది. నిషేధాల జాబితా తోటకూరను పట్టుకుంటుంది గానీ, అసలు పొటాషియం ఎటునుంచి వస్తోందో చూడదు.

నెఫ్రాలజీ ఓపీల్లో తరచూ కనిపించే సంగతులన్నీ కలిపి ఒక మనిషిని ఊహించుకుందాం. వయసు 58, బరువు 60 కిలోలు, షుగర్ లేదు. కిడ్నీ పనితీరును చెప్పే ఈజీఎఫ్‌ఆర్ 18, అంటే నాలుగో దశ. డయాలసిస్ ఇంకా మొదలవలేదు. పొటాషియం 5.8. మామూలుగా 5 లోపు ఉండాలి. ఫాస్ఫరస్ 5.2. దీని హద్దు 4.5. ఆకుకూర, పప్పు, పండ్లు మానేసి రెండు నెలలైంది. బీపీ ఉందని కొడుకు ‘సోడియం తక్కువ’ అని రాసి ఉన్న ఉప్పు తెచ్చాడు. ఒంట్లో వేడి తగ్గుతుందని రోజూ ఒక కొబ్బరిబోండం తాగుతున్నాడు.

ఇప్పుడు లెక్క వేద్దాం. సోడియం తక్కువ ఉన్న ఉప్పులో సోడియం క్లోరైడ్‌ను కొంత తీసేసి, ఆ మేరకు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. ఎంత కలుపుతారన్నది ఒక్కో కంపెనీకి ఒక్కో తీరు. 30 శాతం అనుకుంటే, రోజుకు వాడే 5 గ్రాముల ఉప్పులో అది గ్రామున్నర, అందులో పొటాషియం దాదాపు 780 మిల్లీగ్రాములు. బోండంలో 300 మిల్లీలీటర్ల నీళ్లుంటే 600 నుంచి 750 మిల్లీగ్రాములు. ఈ రెండూ కలిపితేనే దాదాపు 1,400 నుంచి 1,500. పొటాషియం పెరిగినవాళ్లకు సాధారణంగా రోజు మొత్తానికి పెట్టే హద్దు 2,000 నుంచి 2,500 మిల్లీగ్రాములు. ఇక ఆయన మానేసిన తోటకూర సంగతి చూడండి. కూరలో ఒకరి వంతుకు వచ్చే 50 గ్రాముల ఆకులో పొటాషియం 300 మిల్లీగ్రాములకు మించదు. ఉడికించి నీళ్లు వారిస్తే అందులోనూ దాదాపు సగం పోతుంది. ఉప్పులోంచి వచ్చే పొటాషియం మాత్రం ఏ పీచులోనూ చిక్కుకోకుండా దాదాపు మొత్తం రక్తంలోకి చేరుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో ఇలాంటి ఉప్పు వాడకంపై మార్గదర్శకాలు ఇచ్చింది. కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లకు ఆ సలహా వర్తించదని అందులోనే చెప్పింది. ఆ మాట మన కిరాణా కొట్టు దాకా రాలేదు. బీపీకి మంచిదన్న మాటే వచ్చింది. మామూలు ఉప్పునే తగ్గించి వాడుకోవడం ఈయనకు క్షేమం. సైంధవ లవణమైనా అంతే. రంగు, ధర మారతాయి తప్ప అదీ ప్రధానంగా సోడియం క్లోరైడే.

కొబ్బరినీళ్ల దగ్గర ఉద్దానం గుర్తుకొస్తుంది. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం చుట్టుపక్కల కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి ఇళ్లను పీడిస్తోంది. అదే నేల కొబ్బరి తోటలకు, జీడిమామిడికి, పనసకు పేరు. బయట డబ్బు పెట్టి కొనే బోండం అక్కడ పెరట్లోనే కాస్తుంది. ‘చలవ చేస్తుంది’ అని పెద్దవాళ్లు ఇచ్చే గ్లాసును నగరంలో అచ్చువేసిన డైట్ చార్టు ఆపలేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. కిడ్నీ లోపలి గొట్టాలు ముందుగా దెబ్బతినే జబ్బుల్లో కొందరికి మూత్రంలో ఉప్పు పోతూ ఉంటుంది. అలాంటివాళ్లకు ఉప్పు గట్టిగా కట్టేస్తే బీపీ పడిపోయి కిడ్నీ ఇంకా దిగజారవచ్చు. షుగర్‌తో కిడ్నీ పాడైన హైదరాబాద్ రోగికి, అలాంటి జబ్బున్న పల్లెటూరి రోగికి ఒకే కాగితం జిరాక్స్ తీసి ఇవ్వడం నాకు సబబుగా తోచదు.

మన పెద్దాయన విషయానికి వస్తే, ఉప్పు, బోండం మార్చాక కూడా పొటాషియం దిగకపోతే అడగాల్సిన మరో ప్రశ్న మలబద్ధకం గురించి. కిడ్నీ చేతులెత్తేసినప్పుడు పొటాషియంలో కొంత పెద్దపేగు ద్వారా బయటికి పోతుంది. కూరలు, ఆకులు, పండ్లు పూర్తిగా మానేస్తే పీచు పోయి విరేచనం బిగుసుకుంటుంది. ఆ దారీ మూసుకుంటుంది. అంటే పొటాషియం తగ్గించడానికి చేసిన పత్యమే దాన్ని పెంచుతోందన్న మాట. కొన్ని రకాల బీపీ మాత్రలూ పొటాషియం పెంచుతాయి. వాటిని సొంతంగా ఆపకూడదు, డాక్టరుతో మాట్లాడాలి. రక్తం తీసేటప్పుడు కణాలు చితికినా అంకె ఎక్కువ చూపిస్తుంది కాబట్టి ఒక్క రిపోర్టుతోనే కంచం ఖాళీ చేయనక్కర్లేదు. అయితే అంకె 6 దాటితే పత్యాల గురించి ఆలోచిస్తూ కూర్చోకూడదు, అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. గుండె లయ తప్పేదాకా ఒంట్లో ఏ తేడా తెలియకపోవచ్చు.

వంట దగ్గరికి వద్దాం. పొటాషియం నీళ్లలో కరుగుతుంది. బంగాళాదుంప, ములక్కాడ, చిలగడదుంప, ఆకుకూరల్లాంటి వాటిని చిన్న ముక్కలుగా తరిగి, ఎక్కువ నీళ్లలో పది నిమిషాలు ఉడికించి, నీళ్లు పారబోసి, ఆ తర్వాత పోపు వేసుకోవాలి. ఉత్త చన్నీళ్లలో నానబెడితే పెద్దగా ఉపయోగం లేదు. కుక్కర్‌లో ఒక గ్లాసు నీళ్లు పోసి ఉడికిస్తే కరిగింది కరిగినట్టే అందులో ఉంటుంది, మళ్లీ కూరలోకే వస్తుంది. కష్టమంతా ‘పారబోయడం’ దగ్గరే. పప్పు కట్టుతో చారు పెట్టడం, కూర వార్చిన నీళ్లు పులుసులో కలపడం పొదుపరి ఇల్లాలి అలవాటు. ఈ ఒక్క జబ్బులో ఆ పొదుపు పనికిరాదు. బీర, సొర, పొట్ల, దొండ, క్యాబేజీ లాంటివాటికి ఈ శ్రమ అంతగా అక్కర్లేదు.

చింతపండు మీద భయం కాస్త అతి అనిపిస్తుంది. నిమ్మకాయంత చింతపండు, అంటే 25 గ్రాములు నలుగురికి చారు పెడితే ఒకరి వంతుకు వచ్చే పొటాషియం దాదాపు 40 మిల్లీగ్రాములు. చారులో అసలు సమస్య ఉప్పు. రోజుకు 5 గ్రాములు, అంటే చదునుగా ఒక టీస్పూను ఉప్పు హద్దు అయితే, కూరలో, చారులో, పెరుగన్నంలో వేసుకునేదే దాన్ని దాటేస్తుంది. దానిపైన ఆవకాయ. 15 గ్రాముల ముక్కతో రమారమి గ్రామున్నర ఉప్పు లోపలికి పోతుంది. ఎండుచేప, అప్పడాలు, వడియాలూ అదే కోవ. ఉప్పు తింటే దాహం, దాహానికి నీళ్లు, నీళ్లకు కాళ్లవాపు. ‘నీళ్లు తక్కువ తాగు’ అని రోగిని గదమాయించేవాళ్లు ముందు ఊరగాయ జాడీని దూరం పెట్టాలి.

ఇక పప్పు. ఈజీఎఫ్‌ఆర్ 18 ఉండి, డయాలసిస్ లేనివాళ్లకు మాంసకృత్తులు కిలో బరువుకు 0.6 నుంచి 0.8 గ్రాములని సాధారణంగా చెబుతారు. మన 60 కిలోల మనిషికి అది 36 నుంచి 48 గ్రాములు. మూడు పూటలా కలిపి 300 గ్రాముల బియ్యం తింటే అందులోనే 21 గ్రాముల దాకా వస్తాయి. 30 గ్రాముల కందిపప్పుతో ఆరున్నర, ఒక గుడ్డుతో ఆరు, ఒక కప్పు పెరుగుతో ఐదు, కూరలతో మూడు. మొత్తం దాదాపు 42 గ్రాములు, హద్దులోనే ఉంది. పప్పు పూర్తిగా తీసేయాల్సిన అవసరం ఈ లెక్కలో ఎక్కడా కనిపించదు. రెండు గిన్నెల ముద్దపప్పు కుదరదు, అంతే. అన్నం, నూనె కూడా తగ్గించుకుంటే వచ్చే నష్టం వేరు. శక్తి చాలక శరీరం తన కండనే కరిగించుకుంటుంది. కండ కరిగితే యూరియా, పొటాషియం రెండూ పెరుగుతాయి.

ఈ సందర్భంలో తెల్లన్నం గురించి ఒక మాట. ఆరోగ్యానికి మంచిదని ఇంటిల్లిపాదీ చిరుధాన్యాలకు మారిపోయిన రోజులివి. షుగర్ లేని ఈ రోగికి రాగి సంకటి కన్నా పాలిష్ పట్టిన బియ్యమే తేలిక. పొటాషియం, ఫాస్ఫరస్ రెండూ అందులో తక్కువ.

ఫాస్ఫరస్ లెక్క ఇంకా తిరకాసు. పప్పులో ఉండే ఫాస్ఫరస్ ఎక్కువ భాగం ఫైటేట్ రూపంలో ఉంటుంది, ఒంటికి పట్టేది సగం కన్నా తక్కువ. పాలు, మాంసంలోది కొంచెం ఎక్కువ పడుతుంది. ఫ్యాక్టరీలో కలిపిన ఫాస్ఫేట్ దాదాపు మొత్తం పడుతుంది. నల్లటి కూల్‌డ్రింకులు, ప్రాసెస్డ్ చీజ్, ఫ్రీజర్‌లో దొరికే చికెన్ నగ్గెట్లు ఈ కోవలోవి. మన ప్యాకెట్ల మీద ఫాస్ఫరస్ ఎంతో సాధారణంగా రాయరు. కానీ కలిపిన పదార్థాల నంబర్లు ఉంటాయి. ఐఎన్‌ఎస్ 338 నుంచి 343 వరకు, 450 నుంచి 452 వరకు కనిపిస్తే అది ఫాస్ఫేటే. ఇంటి వంటలో చూసుకోవాల్సింది పాలు. రెండు కాఫీలు, పెరుగు, మజ్జిగ కలిపి అరలీటరు దాటితే ఫాస్ఫరస్ 450 మిల్లీగ్రాములకు పైనే. రోజుకు ఒక కప్పు దగ్గర ఆగడం మేలు. ఫాస్ఫరస్ తగ్గించే మాత్ర రాసి ఇస్తే దాన్ని అన్నంతోపాటే వేసుకోవాలి. అది పేగులో ఆహారంలోని ఫాస్ఫరస్‌ను పట్టుకునే మందు. తిన్న గంట తర్వాత వేసుకుంటే పట్టుకోవడానికి అక్కడ ఏమీ మిగలదు.

ఎక్కువ మంది దెబ్బతినేది డయాలసిస్ మొదలయ్యాక. వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి అవుతున్నప్పుడు మాంసకృత్తులూ కొంత బయటికి పోతాయి. అప్పటినుంచి అవసరం కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు. నిన్నటిదాకా 42 గ్రాములు తిన్న మనిషే ఇప్పుడు 60 నుంచి 72 గ్రాములు తినాలి. ఆ తేడాను మూడు గుడ్ల తెల్లసొన, 100 గ్రాముల చేప లేదా చికెన్ దాదాపు పూడుస్తాయి. తెల్లసొనలో ఫాస్ఫరస్ దాదాపు ఉండదు. శాకాహారులు పొటాషియం రిపోర్టు చూసుకుంటూ పప్పు పెంచుకోవాలి, పనీర్ చేర్చుకోవాలి. కానీ వంటింటి గోడకు అతికించిన పాత కాగితం మీద ‘పప్పు, గుడ్డు, చేప వద్దు’ అనే ఉంటుంది. కిడ్నీ జబ్బుకు పత్యం ఒకటే అనుకుని ఇంట్లో అదే పాటిస్తారు. డయాలసిస్ మొదలుపెట్టే రోజున సంతకాలు చాలా తీసుకుంటారు. ఆ పాత కాగితాన్ని వెనక్కి తీసుకుని కొత్తది ఇవ్వడం కూడా ఆ రోజు పనుల్లో ఉండాలి.