రన్ లైన్ అంటే చవకగా దొరికే మనీలైన్ కాదు

"హోమ్ టీమ్ మనీలైన్ -160 ఉంటే వదిలేయండి, అదే టీమ్‌ని -1.5 రన్ లైన్‌లో తీసుకుంటే +125 దాకా వస్తుంది. గట్టి టీమ్ గెలిస్తే ఎలాగూ రెండు రన్నుల తేడాతోనే గెలుస్తుంది. స్టార్టింగ్ పిచర్ మారితే ఇద్దరి ఈఆర్ఏ తేడా చూసుకోండి చాలు, మనీలైన్ ఎన్ని సెంట్లు కదిలితే రన్ లైనూ అన్ని సెంట్లే కదలాలి."

అమెరికాలో బేస్‌బాల్ చూసే మనవాళ్ల గ్రూపుల్లో ఈ మెసేజ్ ఈ సీజన్‌లో నాకు నాలుగుసార్లు వచ్చింది. పంపినవాళ్లంతా మంచి ఉద్దేశంతోనే పంపారు, కానీ ఇందులో ఒక్క వాక్యం కూడా నిలబడదు, నమ్మితే పోయేది జేబులో డబ్బే. అందుకే వివరంగా రాస్తున్నా. మనీలైన్ అంటే టీమ్ గెలుస్తుందా అనే పందెం, -1.5 రన్ లైన్ అంటే అది కనీసం రెండు రన్నుల తేడాతో గెలవాలనే పందెం. -160 అంటే 100 గెలవడానికి 160 పెట్టాలి, +125 అంటే 100 పెడితే 125 లాభం, ఈ అంకెల్లో ఒక్కొక్కటి ఒక సెంటు.

ముందు రెండు రన్నుల సంగతి. మేజర్ లీగ్‌లో పది మ్యాచ్‌ల్లో దాదాపు మూడు ఒక్క రన్ తేడాతో ముగుస్తాయి. పైగా హోమ్ టీమ్‌కి ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే తొమ్మిదో ఇన్నింగ్స్‌లో వాళ్లే తర్వాత బ్యాటింగ్ చేస్తారు కాబట్టి అప్పటికే లీడ్‌లో ఉంటే అసలు బ్యాట్ పట్టరు, స్కోరు సమంగా ఉంటే గెలుపు రన్ రాగానే ఆట అక్కడే ఆగిపోతుంది. క్రికెట్‌లో ఛేజింగ్ టీమ్ టార్గెట్ దాటగానే మ్యాచ్ అయిపోయినట్టే. పోయిన వేసవిలో న్యూజెర్సీలో ఒక స్నేహితుడి ఇంట్లో చూశాం: 3-3, తొమ్మిదో ఇన్నింగ్స్ కింది సగం, రెండో బేస్ మీద రన్నర్, లెఫ్ట్ ఫీల్డ్‌లోకి ఒక సింగిల్. రన్నర్ హోమ్‌కి చేరాడు, ఆటగాళ్లంతా డగౌట్ లోంచి పరుగెత్తుకొచ్చారు, 4-3. మా వాడి చేతిలో -1.5 టికెట్ ఉంది. టీమ్ గెలిచింది, వాడు ఓడిపోయాడు. అక్కడ హోమ్ రన్ పడితే తప్ప రెండో రన్‌కి దారే లేదు. ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్‌లో రెండో బేస్ మీద రన్నర్‌తో మొదలుపెట్టే పద్ధతి 2020లో వచ్చాక, అక్కడ కూడా హోమ్ టీమ్‌కి ఇలాంటి ముగింపులు మామూలే.

అందుకే ఒకే మనీలైన్ ఉన్న రెండు టీమ్‌లకి ఒకే రన్ లైన్ ధర ఉండదు. బయట ఆడే ఫేవరెట్ తొమ్మిది ఇన్నింగ్స్‌లూ పూర్తిగా బ్యాటింగ్ చేస్తుంది కాబట్టి, 4-3 లీడ్‌లో ఉన్నా తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇంకో రన్ కొట్టే అవకాశం దానికి ఉంటుంది. ఇక టోటల్, అంటే రెండు టీమ్‌లు కలిపి కొడతాయని అనుకునే రన్నులు, 7 ఉన్న రోజు ఒక్క రన్ మ్యాచ్‌లు పెరుగుతాయి, 10 ఉన్న రోజు తగ్గుతాయి. మనీలైన్ ఒక్కటే చూసి రన్ లైన్ లెక్కేస్తే ఈ రెండూ వదిలేసినట్టే.

ఇప్పుడు అసలు విషయం, పిచర్ మారడం. ఈఆర్ఏ అంటే పిచర్ తన ఖాతాలో సగటున ఎన్ని రన్నులు ఇస్తాడనేది, అది తొమ్మిది ఇన్నింగ్స్‌లకి లెక్క, కానీ స్టార్టర్ ఈ రోజుల్లో ఐదారు ఇన్నింగ్స్‌లే వేస్తాడు, మిగతాది బుల్‌పెన్, అంటే తర్వాత వచ్చే పిచర్లు, వేస్తుంది. ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. హోమ్ టీమ్ ఏస్, అంటే అందరికన్నా మంచి స్టార్టర్, తొమ్మిది ఇన్నింగ్స్‌లకి 3.2 రన్నులు ఇచ్చే రకం, 6 ఇన్నింగ్స్‌లు వేస్తాడు. అతని బదులు వచ్చేవాడు 5.1 ఇస్తాడు, కానీ 4 ఇన్నింగ్స్‌లే వేస్తాడు. బుల్‌పెన్ 4.2 అనుకుందాం. ఏస్ వేస్తే 2.13, బుల్‌పెన్ 3 ఇన్నింగ్స్‌లకి 1.40, మొత్తం 3.53. రెండోవాడు వేస్తే 2.27, బుల్‌పెన్ 5 ఇన్నింగ్స్‌లకి 2.33, మొత్తం 4.60. ఈఆర్ఏ తేడా 1.9 కనబడుతోంది, ఆటలో నిజంగా పడే తేడా 1.07 రన్నులే. (ఏప్రిల్‌లో నాలుగు మ్యాచ్‌లు వేసిన వాడి ఈఆర్ఏ అయితే దాన్నీ నమ్మకండి, అతని స్ట్రైకౌట్లు, వాక్‌లు చూడండి.)

హోమ్ టీమ్ 4.6 రన్నులు కొడుతుందని అనుకుంటే, కొట్టే రన్నులు, ఇచ్చే రన్నుల నుంచి గెలుపు అంచనా వేసే పైథాగరియన్ సూత్రంతో గెలిచే అవకాశం ఇలా వస్తుంది:

```
4.6^1.83 / (4.6^1.83 + 3.53^1.83) = 0.62
```

62 శాతం అంటే సరైన మనీలైన్ -163. అందులో ఒక్క రన్‌తో గెలిచేవి ఉజ్జాయింపుగా 18 శాతం తీసేస్తే -1.5కి 44 శాతం, అంటే +127. ఇవి బుక్‌మేకర్ మార్జిన్ తీసేసిన ధరలు, స్క్రీన్ మీద కనిపించేవి దీనికంటే కొంచెం తక్కువగానే ఉంటాయి. గమనించండి, +127 దొరకడం లాభం కాదు, ఆ పందెం విలువే అంత. మెసేజ్ చెప్పిన +125 అంతకన్నా రెండు సెంట్లు తక్కువే.

ఏస్ తప్పుకుంటే 4.6 కి 4.6, సరిసమానం. మనీలైన్ 62 నుంచి 50కి, అంటే +100కి పడిపోతుంది. కానీ టోటల్ 8.1 నుంచి 9.2కి పెరిగింది కదా, ఒక్క రన్ గెలుపుల వాటా 16 దాకా తగ్గుతుంది, -1.5కి 34 శాతం, +194. గెలిచే అవకాశం 12 తగ్గితే రన్ లైన్ 10 మాత్రమే తగ్గింది, ఎందుకంటే పెరిగిన టోటల్ కొంత కాపాడింది.

ఇప్పుడు తిరగేయండి. మన ఏస్ అలాగే ఉన్నాడు, ఎదుటి టీమ్ స్టార్టర్ తప్పుకున్నాడు, తేడా అంతే, 1.07. మనవాళ్లు 5.67 కొడతారు, వాళ్లు 3.53. గెలుపు 70 శాతం, మనీలైన్ -233. టోటల్ మళ్లీ 9.2, ఒక్క రన్ వాటా మళ్లీ 16, కాబట్టి -1.5కి 54 శాతం, -117. ఈసారి గెలుపు 8 పెరిగింది, రన్ లైన్ 10 పెరిగింది. బలం పెరగడం, టోటల్ పెరగడం రెండూ ఒకే వైపు తోశాయి. సెంట్లలో చూస్తే మనీలైన్ 70 కదిలింది, రన్ లైన్ 44. మొదటి దాంట్లో 63, 67 వచ్చి దగ్గరగా కనిపించాయి, అది ఆ అంకెల వల్ల జరిగింది తప్ప నియమం కాదు. సెంట్లని ఎప్పుడూ శాతాల్లోకి మార్చాకే పోల్చండి.

కాబట్టి పిచర్ మారిందని వార్త రాగానే నేను ముందు అడిగేది "ఎవరి పిచర్?" అని, తర్వాత టోటల్ కదిలిందా అని. మనీలైన్ మారి టోటల్ ఇంకా పాతదే ఉంటే, రన్ లైన్ కూడా పాత టోటల్ మీదే నడుస్తుండొచ్చు.

ఇంకొకటి, మెసేజ్‌లో అసలు లేనిది. మీరు పందెం వేశాక పిచర్ మారితే టికెట్ ఏమవుతుందో దాని మీద ఉన్న నిబంధనే చెబుతుంది. "లిస్టెడ్ పిచర్" అని ఉంటే చెప్పిన స్టార్టర్ మొదటి బంతి వేయకపోతే పందెం రద్దు, డబ్బు వెనక్కి. "యాక్షన్" అని ఉంటే పందెం నిలబడుతుంది, ధర మాత్రం చాలాచోట్ల కొత్త పిచర్‌కి తగ్గట్టు మారుతుంది, కొన్నిచోట్ల పాత ధరే ఉంటుంది. మా వాళ్లలో ఒకరు ఉదయం ఏస్‌ని చూసి -1.5 తీసుకున్నారు, సాయంత్రం ఏస్ భుజం నొప్పితో తప్పుకున్నాడు, టికెట్ "యాక్షన్", ధర పాతదే. 44 శాతానికి కొన్న పందెం మొదటి బంతి పడే ముందే 34 శాతానికి దిగిపోయింది.