రెజాంగ్ లాలో మిగిలిన ఆ ఏడు బాంబుల గురించి

ప్రతి ఏటా నవంబరు 18 వస్తుంది. మేజర్ షైతాన్ సింగ్ ఫొటో, కింద "చివరి మనిషి, చివరి తూటా" అన్న మాట, దండాలు పెట్టే బొమ్మలు. నేనూ పెడతాను, తప్పు పట్టడం లేదు. కానీ ఆ రోజు ఆయన నడిపిన 13 కుమావూన్ బెటాలియన్ చార్లీ కంపెనీ దేనితో పోరాడింది, ఎందుకు దానితోనే పోరాడాల్సి వచ్చింది అన్నది ఒక్కరూ రాయరు. ఆ కుర్రాళ్ళ పనితనాన్ని వదిలేసి ప్రాణత్యాగం ఒక్కటే చెప్పుకోవడం నాకు చాలా బాధగా ఉంటుంది. అందుకే ఇంత పొడుగు పోస్టు.

1962, చైనాతో యుద్ధం. లడఖ్‌లో చుషూల్‌కు ఆగ్నేయంగా, 16 వేల అడుగులు దాటిన ఎత్తులో రెజాంగ్ లా. అక్కడ సుమారు 120 మంది. చుషూల్‌లో మన ఫిరంగులు ఉన్నాయి. కానీ వాటికీ రెజాంగ్ లాకూ మధ్య ఒక కొండ అడ్డం. ఫిరంగి గుండు వేగంగా, కాస్త పైకి లేచి దూరం పోయేలా వెళుతుంది. ఆ దారిలో కొండ శిఖరం ఉంటే గుండు దానికి తగులుతుంది, లేదా దాన్ని దాటి చాలా దూరం పోయి పడుతుంది. కొండ వెనక వాలు దానికి అందదు. ఫిరంగులు దగ్గర్లోనే ఉన్నా చార్లీ కంపెనీకి వాటి సాయం లేకపోయింది. ఈ సంగతి షైతాన్ సింగ్‌కు ఆ పోరాటం మొదలవక ముందే తెలుసు.

మరి ఏముంది? మోర్టార్లు ఉన్నాయి.

మోర్టార్ చూడ్డానికి మామూలు గొట్టమే. కింద బేస్ ప్లేట్, పెద్దవాటికి ముందు రెండు కాళ్ళ స్టాండు. వాటిలో బాంబును మూతి దగ్గర పట్టుకుని వదిలితే జారి అడుగున ఉన్న సూదికి తగులుతుంది, మందు అంటుకుంటుంది, బాంబు బయటికి వెళ్ళిపోతుంది. గొట్టం ఎప్పుడూ 45 డిగ్రీల కంటే నిటారుగానే ఉంటుంది. ఇంకా నిటారుగా లేపితే బాంబు ఇంకా దగ్గర పడుతుంది. మన వైపు వాలు మీద గుంటలో కూర్చుని, శిఖరం మీదుగా ఎగరేసి, అవతలి వాలు మీద దించొచ్చు. ఫిరంగికి ఏ కొండ అడ్డమైందో అదే కొండ మోర్టార్‌కు చాటు అవుతుంది.

ఇంకో సంగతి. ఏటవాలుగా వచ్చి పడే ఫిరంగి గుండు ముక్కలు ఎక్కువగా రెండు పక్కలకీ చిమ్ముతాయి. దాదాపు నిట్టనిలువునా పడే మోర్టార్ బాంబు ముక్కలు చుట్టూ సమానంగా చిమ్ముతాయి. కొండ వాగు కోసిన, పైకప్పు లేని నాలాలో నక్కిన మనిషికి దాన్నుంచి తప్పించుకునే చోటు దొరకదు.

అన్నిటికంటే ముఖ్యం, అది కంపెనీ చేతిలో ఉన్న ఆయుధం. ఫిరంగి కావాలంటే శత్రువును చూసే అధికారి ఉండాలి, వైర్‌లెస్ పనిచేయాలి, అవతల ఫిరంగుల బ్యాటరీ ఇంకొకరి పనిలో ఉండకూడదు. మోర్టార్‌కైతే పిలుపు చాలు. 2 అంగుళాల చిన్న మోర్టార్ ప్లటూన్ అనే చిన్న దళంతోనే తిరుగుతుంది. బరువు 5 కిలోలు కూడా ఉండదు, దానికి ఇద్దరు మనుషులు చాలు, 450 మీటర్ల దాకా వేస్తుంది. వెనక నుంచి 3 అంగుళాలది రెండున్నర కిలోమీటర్ల దాకా అందుకుంటుంది.

తెల్లవారుజామున చైనా సైనికులు నాలాల్లోంచి ఎక్కి వచ్చారు. దగ్గరికి వచ్చేదాకా ఆగి మనవాళ్ళు రైఫిళ్ళు, ఎల్ఎంజీలనే తేలికపాటి మెషిన్ గన్లు, మోర్టార్లు ఒక్కసారే పేల్చారు. ముందు వరుసలు ఆ నాలాల్లోనే ఆగిపోయాయి. ఎల్ఎంజీ కంటికి కనిపించేదాన్నే కొడుతుంది, మలుపు వెనక ఉన్నదాన్ని కొట్టలేదు. ఆ మలుపు మోర్టార్ వంతు. మోర్టార్‌కు కూడా మరీ దగ్గరైపోతే, అంటే బాంబు మనవాళ్ళ మీదే పడే ప్రమాదం వస్తే, అక్కడ గ్రెనేడ్ వంతు.

అప్పటి గ్రెనేడ్ నంబర్ 36. ముప్పావు కిలో పైచిలుకు బరువు. పిన్ను లాగినా లీవర్ పిడికిట్లో ఉన్నంతసేపూ ఏమీ కాదు. వదలగానే లీవర్ ఎగిరిపోతుంది, లోపలి సూది పడుతుంది, సుమారు 4 సెకన్లకు పేలుతుంది. మామూలు మనిషి విసిరేది పాతిక ముప్పై మీటర్లు. దాని ముక్కలు అంతకంటే దూరం వస్తాయి. అందుకే విసరగానే తల దించాలి, చాటు లేనిదే విసరకూడదు. కొండ మీద ఇది మనకు ఎలా కలిసొస్తుందో చూడండి: పైనున్నవాడు విసిరింది దొర్లుకుంటూ నాలాలోకి దిగుతుంది. కిందనుంచి పైకి విసిరితే సరిగ్గా పడకపోతే వెనక్కి దొర్లి విసిరినవాడి దగ్గరికే వస్తుంది.

1963 ఆరంభంలో మంచులోంచి మృతదేహాలు బయటపడ్డాయి. 2 అంగుళాల మోర్టార్ పేల్చే సైనికుడు చేతిలో బాంబుతోనే చనిపోయి ఉన్నాడు. కంపెనీ దగ్గరున్న వెయ్యి మోర్టార్ బాంబుల్లో ఏడు తప్ప అన్నీ పేల్చారు. ఆ ఏడూ పేల్చడానికి సిద్ధం చేసి ఉన్నాయి. 3 అంగుళాల బాంబు ఒక్కోటి సుమారు నాలుగున్నర కిలోలు. అవన్నీ ఆ రకమే అయితే నాలుగున్నర టన్నులు. ఊపిరి అందని ఎత్తుకు అంత బరువు ముందే చేర్చి పెట్టుకున్నారు. మోర్టార్‌కు ఉన్న పెద్ద లోటు ఇదే. దాని ఆకలి తీర్చడం కష్టం. వరసగా పేలిస్తే మనిషి మోయగలిగినన్ని బాంబులు నిమిషాల్లో అయిపోతాయి.

చలి ఇంకో తలనొప్పి. బాగా చల్లబడిన మందు నెమ్మదిగా మండుతుంది, బాంబు లెక్కకంటే దగ్గర పడుతుంది. పల్చటి గాలిలో అది కాస్త ఎక్కువ దూరం పోతుంది. మైదానంలో వేసుకున్న లెక్క అక్కడ పనిచేయదు, మొదటి బాంబు ఎక్కడ పడిందో కళ్ళారా చూసి సరిచేసుకోవాలి. రాయిలా గట్టిపడ్డ నేల మీద బేస్ ప్లేట్ కుదురుకోదు, ప్రతి దెబ్బకీ ఎగిరి గురి మారిపోతుంది. మెత్తటి మంచులో పడిన బాంబు లోపల పేలి, ముక్కలు మంచులోనే ఉండిపోతాయి.

మోర్టార్ ప్లటూన్‌లో పనిచేసిన మా మావయ్య అన్నిటికంటే భయపడింది రెండో బాంబుకి. మొదటిది సూదికి తగిలినా పేలకపోతే గొట్టంలోనే ఉండిపోతుంది. చుట్టూ చప్పుళ్ళలో అది గమనించకుండా మీద ఇంకోటి వదిలితే జట్టంతా పోతుంది. "చప్పుడు వినకురా, పోయిన బాంబును చూడు" అనేవాడు. ఒకటి ఆగిపోతే కాసేపు ఆగి, గొట్టాన్ని నెమ్మదిగా వెనక నుంచి ఎత్తి వంచితే, మూతి దగ్గర ఇంకొకడు జారి వచ్చే బాంబును రెండు చేతులతో అందుకోవాలట. ఆ టెన్షన్ చెబుతుంటే ఇరవై ఏళ్ళ తర్వాత కూడా మావయ్య అరచేతులు చెమట పట్టేవి.

రెజాంగ్ లా పడిపోయింది మోర్టార్లు పనికిరాక కాదు. ఎదురుగా రావడం కుదరక శత్రువు ఫిరంగులతో, రాకెట్లతో ఆ గుంటల్ని ధ్వంసం చేసి, చుట్టూ తిరిగి వెనక నుంచి వచ్చాడు. వంద మందికి పైగా చనిపోయారు. సొంత ఆయుధం కొంతసేపు ఆపగలదు. వెనక ఫిరంగి ఉన్నవాడితో రోజంతా సరితూగలేదు. ఆ తేడాను కూడా నిజాయితీగా చెప్పుకోవాలి.

ఫిరంగులు పుష్కలంగా ఉన్నా చివరి గజాలు పదాతి సైనికుడివే. 1999లో కార్గిల్‌లో మన ఫిరంగులు కొండల్ని దద్దరిల్లించాయి. కానీ మనవాళ్ళు బంకరు దగ్గరికి చేరాక ఫిరంగి ఆగాల్సిందే, లేకపోతే మనవాళ్ళే పోతారు. అది ఆగిన క్షణంలో బంకరులో బతికున్నవాడు మళ్ళీ మెషిన్ గన్ అందుకుంటాడు. జూన్ 28న మన హైదరాబాద్‌కు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య, 2 రాజ్‌పుతానా రైఫిల్స్, సరిగ్గా ఆ చోట ఉన్నాడు. తూటాల వానలో పాకుకుంటూ బంకరు దగ్గరికి వెళ్ళి లోపలికి గ్రెనేడ్లు విసిరాడు. ఆ పోరాటంలోనే ప్రాణం వదిలాడు, మహావీర చక్ర ఇచ్చారు.

"ఇప్పుడు డ్రోన్లు వచ్చాయిగా, ఈ పాత గొట్టాలెందుకు" అని నా ఫ్రెండ్స్‌లో కొందరు అంటున్నారు. ఉక్రెయిన్‌లో ఆ డ్రోన్లు కిందికి వదులుతున్నది చాలాసార్లు గ్రెనేడ్లనూ మోర్టార్ బాంబులనూ. విసిరే చెయ్యి మారింది. నాలా మలుపు వెనక నక్కినవాడిని అక్కడున్న కుర్రాళ్ళే, ఎవరినీ అడగకుండా, అప్పటికప్పుడు కొట్టాల్సిన అవసరం మారలేదు.